20 కిలోహెర్ట్జ్ దగ్గర IRFZ44N కాలిపోతోంది, 490 హెర్ట్జ్ దగ్గర బాగుంది: తప్పు ఎక్కడ?

నర్సరీ_చిత్తూరు

అన్నలకు నమస్కారం. చిత్తూరు పక్కన మామిడి అంట్ల నర్సరీలో మిస్టింగ్ పంపు నడపాల. 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, పూర్తి వేగంలో 8 యాంపియర్లు లాగతాది. సోలార్ బ్యాటరీ మీద నడస్తాది. వేగం తగ్గించేదానికి ఆర్డ్వినో ఊనో, IRFZ44N పెట్టినాను. పిన్ను 9 నుంచి గేటుకి 220 ఓమ్‌లు, గేటు నుంచి సోర్సుకి 10 కిలోఓమ్‌లు. పంపు మీద తిరగేసి 1N4007 డయోడు.

మామూలు `analogWrite` పెడితే పంపు జుయ్యిమని ఏడస్తాది. ఆ శబ్దం పోవాలని 20 కిలోహెర్ట్జ్‌కి మార్చినా:

```
pinMode(9, OUTPUT);
TCCR1A = _BV(COM1A1) | _BV(WGM11);
TCCR1B = _BV(WGM13) | _BV(WGM12) | _BV(CS10);
ICR1 = 799;
OCR1A = 480;
```

శబ్దం పోయింది. కానీ రెండు నిమిషాలకే మాస్‌ఫెట్ చేత్తో ముట్టుకోలేనంత కాలతా ఉండాది. మొదటిది డ్రెయిన్-సోర్స్ షార్టయి, ఆర్డ్వినో తీసేసినా పంపు ఆగలే. 49 యాంపియర్ల మాస్‌ఫెట్ 8 యాంపియర్లకే ఎట్ల పోతాది?

మదనపల్లె_మౌళి

డూప్లికేట్ మాలు అయ్యుంటుంది, లేదా హీట్‌సింక్ చిన్నది. సర్క్యూట్‌లో తప్పేమీ లేదు. డేటాషీటులో థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని ఉంది, మీరు 5 ఇస్తున్నారు, అంటే దాటింది కదా. మాస్‌ఫెట్ గేటు కరెంటు తీసుకోదు, దానికి కావలసింది వోల్టేజి మాత్రమే. అందుకని 220 అయినా 1 కిలోఓమ్ అయినా ఒకటే. పెద్ద హీట్‌సింక్ వేసి చూడండి.

అలిపిరి_లైటింగ్

నేను కూడా ఇదే అంటాను. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి IRLZ44N వాడతాం, గేటుకి 1 కిలోఓమ్, రాత్రంతా వెలిగినా గోరువెచ్చగా కూడా ఉండదు. ఒక్కోదాని మీద 6, 7 యాంపియర్లు పోతాయి. నర్సరీ అన్నా, మీ పంపు జామ్ అవుతోందేమో చూడండి. ఫిల్టర్ మూసుకుపోతే కరెంటు ఎక్కువ లాగుతుంది.

నర్సరీ_చిత్తూరు

పంపు బాగుండాదన్నా. బ్యాటరీకి నేరుగా కలిపితే క్లాంపు మీటర్లో 8 దాటలే.

రేణిగుంట_రిపేర్లు

పంపుని వదిలేయండి. ఇందులో రెండు వేర్వేరు రోగాలున్నాయి, కలిసి ఒకటిలా కనబడుతున్నాయి. ముందు దేనిది ఎంత వాటానో తేల్చుకుందాం. మల్టీమీటరు చాలు.

ఒకటి: `OCR1A = 799` పెట్టండి. అప్పుడు పిన్ను ఎప్పుడూ 5 వోల్టుల మీదే ఉంటుంది, స్విచింగ్ ఉండదు. పంపు తిరుగుతుండగా మీటరు మొనలు మాస్‌ఫెట్ కాళ్ళ మీదే పెట్టి డ్రెయిన్‌కీ సోర్సుకీ మధ్య వోల్టేజి చూడండి. తీగల చివర్లలో చూడొద్దు, తీగల నష్టం కలిసిపోతుంది.

రెండు: ఆ టైమర్ లైన్లన్నీ తీసేసి `analogWrite(9, 153)` పెట్టండి. ఇది కూడా అదే 60 శాతం, కాకపోతే 490 హెర్ట్జ్. ఐదు నిమిషాలు నడిపి వేడి చూడండి.

రెండు జవాబులూ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మౌళి గారూ, థ్రెషోల్డ్ వరస డేటాషీటులో మళ్ళీ చూడండి. ఆ 2 నుంచి 4 పక్కనే ఏ కరెంటు దగ్గర కొలిచారో కూడా ఉంటుంది.

మదనపల్లె_మౌళి

చూశాను. 250 మైక్రోయాంపియర్లు.

రేణిగుంట_రిపేర్లు

అదీ విషయం. ఒక ఎల్‌ఈడీ కూడా సరిగా వెలగని కరెంటు అది. థ్రెషోల్డ్ అంటే మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకునే వోల్టేజి కాదు, ఇక మూసి ఉందని చెప్పలేని వోల్టేజి. తలుపు గొళ్ళెం కదిలిందన్నమాట, తలుపు తెరుచుకోలేదు. 17.5 మిల్లీఓమ్ అని మొదటి పేజీలో గొప్పగా రాసింది గేటుకి 10 వోల్టులు ఇచ్చినప్పటి లెక్క. IRFZ44N డేటాషీటులో 5 వోల్టుల దగ్గర ఆన్ రెసిస్టెన్సుకి హామీ ఎక్కడా లేదు. ఒక పీసు 5 దగ్గర బాగా తెరుచుకోవచ్చు. అదే డబ్బాలో పక్క పీసు థ్రెషోల్డ్ 4 దగ్గరిదైతే సగమే తెరుచుకుంటుంది. రెండూ అసలు మాలే.

అలిపిరి అన్న వాడే IRLZ44N వేరు. పేరులో ఆ L ఉన్న ఈ మాస్‌ఫెట్‌కి 5 వోల్టుల దగ్గర 25 మిల్లీఓమ్ అని రాసిచ్చారు, థ్రెషోల్డ్ 1 నుంచి 2. ఒక్క అక్షరం తేడా, కొట్టులో తేడా చూడకుండా ఇచ్చేస్తుంటారు.

నర్సరీ_చిత్తూరు

కొలిచినా సార్. ఫుల్ మీద డ్రెయిన్-సోర్స్ 0.34 వోల్టులు. 490 హెర్ట్జ్ మీద ఐదు నిమిషాలు నడిపితే వేడి ఉండాది కానీ వేలు పెట్టి ఉంచగలను. మళ్ళీ 20 కిలోహెర్ట్జ్ పెడితే నిమిషంన్నరకే వేలు పెట్టలేకపోయినా. అదే మాస్‌ఫెట్, అదే చిన్న క్లిప్పు హీట్‌సింక్.

రేణిగుంట_రిపేర్లు

చక్కగా కొలిచారు. లెక్క ఇలా:

0.34 వోల్టులు, 8 యాంపియర్లు, అంటే 42 మిల్లీఓమ్‌ల పైన. ఉండాల్సిన 17.5కి రెండింతలకి పైగా. గేటుకి వోల్టేజి చాలలేదని ఇదే చెబుతోంది. నిండుగా ఆన్‌లో ఉంటే 2.7 వాట్లు, 60 శాతంలో సుమారు 1.6. ఇది మొదటి రోగం. 490 హెర్ట్జ్ దగ్గర వేలికి తగిలిన వేడి దాదాపు ఇదే.

20 కిలోహెర్ట్జ్ దగ్గర కొత్తగా వచ్చి చేరిన వేడి రెండో రోగం. అది ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ లేదు, మధ్య దారిలో ఉంది. గేటు చార్జి సంగతి ఇక్కడే వస్తుంది.

గేటుని ఒక కుండ అనుకోండి. అడుగు సన్నం, నడుమ పెద్ద పొట్ట, పైన మళ్ళీ సన్నం. పిన్ను అంటే నీళ్ళ ట్యాంకు, గేటు రెసిస్టర్ అంటే సన్న పైపు. అడుగు నిండేటప్పుడు మట్టం గబగబా లేస్తుంది. పొట్ట దగ్గరికి రాగానే ఎంత పోసినా మట్టం కదలదు. ఆ పొట్టే మిల్లర్ ప్లాటో. డ్రెయిన్ వోల్టేజి 12 నుంచి కిందికి దిగేది సరిగ్గా ఆ పొట్ట నిండేటప్పుడే. అంతసేపూ మాస్‌ఫెట్ మీద వోల్టేజీ ఉంటుంది, కరెంటూ ఉంటుంది. రెండూ ఒకేసారి ఉంటే వేడే.

ఇప్పుడు మీ ట్యాంకు మట్టం ఎంత? 5. 8 యాంపియర్లకి ఈ మాస్‌ఫెట్ పొట్ట సుమారు 4.5 దగ్గర ఉంటుందనుకుందాం. మట్టాల మధ్య తేడా అర వోల్టే. దాన్ని 220 ఓమ్‌లు, పిన్ను సొంత నిరోధం ఓ పాతిక ముప్పై ఓమ్‌లు కలిపి భాగిస్తే:

```
I = (5 - 4.5) / 250 = 2 mA
t = Q / I = 12 nC / 2 mA = 6 us
P = 0.5 * 12 V * 8 A * 6 us * 20000 = 5.8 W
```

డేటాషీటులో ఈ పొట్ట చార్జి గరిష్ఠంగా 23 నానోకూలంబ్ అని ఉంటుంది. అది 44 వోల్టుల దగ్గర కొలిచింది. మీకు డ్రెయిన్ దిగాల్సింది 12 వోల్టులే కాబట్టి సగం వేశాను. 60 శాతంలో మోటారు కరెంటు 8 కన్నా తక్కువే ఉండొచ్చు, నేను చెడ్డ పక్షమే పట్టుకున్నాను. ఒక సైకిల్ మొత్తం 50 మైక్రోసెకన్లు, అందులో 6 తలుపు సగం తెరిచి నిలబడుతోంది.

1.6, 5.8 కలిపితే 7.4 వాట్లు. హీట్‌సింక్ లేని టీఓ-220కి వాటుకి 62 డిగ్రీలు పెరుగుతుంది. చిన్న క్లిప్పు దాన్ని సగం చేసినా మన ఎండలో ఏం మిగులుతుంది?

490 దగ్గర అదే లెక్క వేస్తే స్విచింగ్ నష్టం 0.14 వాట్లే. అందుకే అక్కడ బతికింది. అలిపిరి అన్న స్ట్రిప్పులు 1 కిలోఓమ్‌తో చల్లగా ఉండేది కూడా అందుకే. తక్కువ ఫ్రీక్వెన్సీ, పైగా IRLZ44N పొట్ట 3 లోపే. అదే స్ట్రిప్పుని 20 కిలోహెర్ట్జ్ మీద పెట్టి చూడండి.

స్కోప్_సుజాత

బాగా చెప్పారు సార్. ఒక్కటి కలుపుతాను. ఆఫ్ అయ్యేటప్పుడు ఈ కష్టం ఉండదు. పిన్ను సున్నాకి దిగుతుంది, పొట్ట 4.5 దగ్గర, అంటే మట్టాల తేడా నిండా 4.5 వోల్టులు. కరెంటు 18 మిల్లీయాంపియర్లు, సమయం 0.7 మైక్రోసెకన్ల లోపే. స్కోపులో చూస్తే ఆన్ అంచు వాలుగా జారుతుంది, ఆఫ్ అంచు నిట్టనిలువుగా ఉంటుంది. ఒకే రెసిస్టర్‌తో రెండు అంచులు ఇంత వేరుగా కనబడితే గేటు వోల్టేజి చాలట్లేదని అనుమానించాల్సిందే.

ఇంకోటి. నర్సరీ గారు 10 కిలోఓమ్‌లు గేటు వైపు పెట్టారు. అది 220తో కలిసి డివైడర్ అవుతుంది, 5 కాస్తా 4.89. పోయింది కొంచెమే, కానీ ఉన్న తేడా అర వోల్టే కాబట్టి అందులో అయిదో వంతు పోయినట్టు. మౌళి గారు చెప్పిన 1 కిలోఓమ్ వేస్తే గేటుకి అందేది 4.55. ఇక పొట్ట నిండనే నిండదు. పుల్‌డౌన్‌ని పిన్ను వైపు పెడితే ఈ నష్టం ఉండదు.

రేణిగుంట_రిపేర్లు

పుల్‌డౌన్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను మేడమ్. గేటు దగ్గరే ఉండాలి. గేటు రెసిస్టర్ టంకం ఊడినా, పిన్ను తీగ తెగినా గేటు తేలిపోకూడదు. తేలిన గేటు సగం తెరుచుకుని కాలిపోతుంది. పొలంలో పెట్టే వస్తువుకి అదే ముఖ్యం. నష్టం తగ్గించాలంటే 10 బదులు 100 కిలోఓమ్‌లు వేయండి.

స్కోప్_సుజాత

100 కిలోఓమ్‌లు, తేమ పట్టిన బోర్డు, పైన మిస్టింగ్. నాకైతే ధైర్యం చాలదు.

మదనపల్లె_మౌళి

థ్రెషోల్డ్ విషయంలో నాది పొరపాటే, ఒప్పుకుంటున్నా. కానీ గేటు కరెంటు తీసుకోదన్నది తప్పెట్లా అవుతుంది? మీటరు పెడితే నిజంగానే ఏమీ చూపదు.

రేణిగుంట_రిపేర్లు

నిలకడగా ఉన్నప్పుడు తీసుకోదు, నిజమే. కుండ నిండాక నీళ్ళు అడగదు. కానీ సెకనుకి 20 వేల సార్లు నింపి ఒంపుతున్నాం. 63 నానోకూలంబ్ నిండా నింపినా పొయ్యడానికి సగటు 1.26 మిల్లీయాంపియర్లే, పోసిందంతా మళ్ళీ ఒంపేస్తాం కాబట్టి గేటు తీగలో మీటరు అది కూడా చూపదు. ఆ చార్జిని 50 నానోసెకన్లలో పొయ్యాలంటే ఆ క్షణానికి కావలసింది యాంపియరు పైనే. సగటు చూసి మోసపోతాం.

మదనపల్లె_మౌళి

అయితే 220 తీసేసి 10 ఓమ్‌లు వేస్తే సరిపోదా? రెసిస్టరే కదా అడ్డం.

స్కోప్_సుజాత

సరిపోదు. అర వోల్టుని 10 ఓమ్‌లు, పిన్ను 30 ఓమ్‌లు కలిపి భాగించినా 12 మిల్లీయాంపియర్లే. 6 మైక్రోసెకన్లు ఒకటికి దిగుతాయి, మేలే. కానీ 0.34 వోల్టుల రోగం అలాగే ఉంటుంది, అది రెసిస్టర్‌తో పోయేది కాదు. పైగా ATmega328P పిన్నుకి 40 మిల్లీయాంపియర్లు దాటొద్దని డేటాషీటు. ఖాళీ గేటు మొదటి క్షణంలో షార్టులాంటిది, 10 ఓమ్‌లతో వంద దాటుతుంది. 5ని 150తో భాగిస్తే 33. అందుకే నేరుగా పిన్నుతో నడిపితే 150కి దిగొద్దంటాను.

అలిపిరి_లైటింగ్

మేం 47 వేసిన బోర్డులు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి మేడమ్. అది నానోసెకన్ల పోటు, పిన్ను తట్టుకుంటుంది.

స్కోప్_సుజాత

తట్టుకుంటుందేమో. డేటాషీటు మాత్రం నానోసెకన్లకి మినహాయింపు ఇవ్వలేదు.

రేణిగుంట_రిపేర్లు

నర్సరీ గారూ, మీకు మూడు దారులు.

చవకైనది: 490 హెర్ట్జ్‌కి వెనక్కి వెళ్ళి IRLZ44N వేయడం. పంపు ఏడుస్తుంది, కానీ నర్సరీలో ఎవరు వినాలి?

నడిమిది: 20 కిలోహెర్ట్జ్ మీదే IRLZ44N, గేటుకి 150 ఓమ్‌లు. పొట్ట 3 దగ్గర అనుకుంటే మట్టాల తేడా 2 వోల్టులు, స్విచింగ్ నష్టం వాటున్నర లోపల ఉంటుంది. హీట్‌సింక్ తప్పదు.

నేనైతే మూడోది: ఉన్న IRFZ44N ఉంచి, మధ్యలో TC4427 డ్రైవర్ చిప్పు. 12 వోల్టుల మీద నడుస్తుంది, గేటుకి 12 ఇస్తుంది, ఆ క్షణానికి యాంపియరున్నర దాకా పొయ్యగలదు. ఇన్‌పుట్‌కి 2.4 వోల్టులు చాలు, అంటే ఊనో 5 సరిపోతుంది.

6వ కాలు బ్యాటరీ ప్లస్, 3వ కాలు గ్రౌండ్. 2కి ఆర్డ్వినో పిన్ను, 7 నుంచి 10 ఓమ్‌ల మీదుగా గేటు. వాడని 4వ కాలు గాల్లో వదలొద్దు, గ్రౌండుకి కలపండి. 6కీ 3కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కాళ్ళకి అంటుకున్నట్టు పెట్టి, పక్కనే 10 మైక్రోఫారడ్ పెట్టండి. ఈ కెపాసిటర్లు దూరంగా పెడితే డ్రైవర్ పెట్టీ ప్రయోజనం ఉండదు. గేటుకి పొయ్యాల్సిన చార్జి అక్కణ్ణించే రావాలి.

అప్పుడు 7.5 వోల్టుల తేడా, చిప్పు సొంతం 7 ఓమ్‌లు కలిపి 17 ఓమ్‌లు, 0.44 యాంపియర్లు. పొట్ట 27 నానోసెకన్లలో నిండుతుంది. 5.8 వాట్లు కాస్తా లెక్కలో 0.03 లోపే. మిగిలేది ఆన్ నష్టం, 60 శాతంలో ముప్పాతిక వాటు లోపు.

బ్యాటరీ చార్జవుతూ 14.4కి వెళ్ళినా డ్రైవర్‌కి 18 దాకా పర్వాలేదు, గేటుకి 20 దాకా పర్వాలేదు.

స్కోప్_సుజాత

ఆ 1N4007ని కూడా తీయించండి సార్. కరెంటు మోయడానికే చాలదు. 60 శాతంలో మిగతా 40 శాతం సేపు మోటారు కరెంటంతా అందులోనే తిరుగుతుంది, సగటు 3 యాంపియర్ల పైన, అది 1 యాంపియరు డయోడు. పైగా మెయిన్స్ కోసం చేసిన నెమ్మది డయోడు. మాస్‌ఫెట్ ఆన్ అయ్యేసరికి అది ఇంకా మూసుకోదు, ఆ క్షణం బ్యాటరీ నేరుగా డయోడు, మాస్‌ఫెట్ గుండా షార్టవుతుంది. ఇప్పటిదాకా ఆన్ అంచు నెమ్మదిగా ఉండి కొంత కాపాడింది. డ్రైవర్ పెట్టి అంచు పదును చేశాక ఆ పోటు ఇంకా పెద్దదవుతుంది. MBR1045 లాంటి షాట్కీ వేయండి.

రేణిగుంట_రిపేర్లు

నిజమే, నేను చూసుకోలేదు. ముందు డయోడు మార్చి, తర్వాతే డ్రైవర్ పెట్టండి.

నర్సరీ_చిత్తూరు

రిచీ స్ట్రీట్ పోయే పిల్లోడితో TC4427, MBR1045 తెప్పించినా. చెప్పినట్టే కట్టినా. ఫుల్ మీద డ్రెయిన్-సోర్స్ ఇప్పుడు 0.13 వోల్టులు. 20 కిలోహెర్ట్జ్, 60 శాతం మీద అర్ధగంట నడిపినా, క్లిప్పు గోరువెచ్చన. శబ్దం లేదు.

ఒకే ఇబ్బంది: పంపు నడిచేటప్పుడు పక్కన పెట్టిన తేమ సెన్సార్ రీడింగ్ ఎగిరెగిరి పడతా ఉండాది. ముందు ఇట్ల లేదు. మాస్‌ఫెట్ నుంచి పంపుకి తీగ రెండు మీటర్లు.

స్కోప్_సుజాత

అంచు మరీ పదునైంది. తీగ ఇండక్టెన్స్, మాస్‌ఫెట్ కెపాసిటెన్స్ కలిసి గంట కొట్టినట్టు మోగుతాయి, ఆ మోతే మీ సెన్సార్‌లోకి దూరుతోంది. గేటు రెసిస్టర్ అసలు పని ఇదే. కరెంటు ఆపడం కాదు, అంచు ఎంత పదునుండాలో నిర్ణయించడం. 10 తీసి 22 వేయండి. పొట్ట నిండే సమయం 27 నుంచి 46 నానోసెకన్లకి పెరుగుతుంది, నష్టం 0.05 వాటు కూడా దాటదు. చాలకపోతే 47. మీకు వేడిలో బోలెడు ఖాళీ ఉంది, ఖర్చు పెట్టండి.

డయోడు పంపు దగ్గర ఉందా, మాస్‌ఫెట్ దగ్గర ఉందా?

నర్సరీ_చిత్తూరు

పంపు దగ్గర మేడమ్.

స్కోప్_సుజాత

బోర్డు మీదికి తెండి. డయోడు ఒక కాలు డ్రెయిన్‌కి, ఇంకోటి 12 వోల్టులకి, రెండూ పొట్టిగా. మాస్‌ఫెట్ పక్కనే 12 వోల్టుల మీద 470 మైక్రోఫారడ్ కూడా. ఆఫ్ అయినప్పుడు కరెంటు డయోడు వెతుక్కుంటూ రెండు మీటర్లు పోకూడదు.

నర్సరీ_చిత్తూరు

డయోడు బోర్డు మీదికి తెచ్చినా, 22 వేసినా. రీడింగ్ ఎగరడం చాలా తగ్గింది, పూర్తిగా పోలే. 47 వేస్తే నిలబడింది. క్లిప్పు వేడిలో నాకు తేడా తెలీలే. 47తోనే ఉంచేస్తా.

10 కిలోఓమ్‌లు గేటు దగ్గరే ఉంచినా. డ్రైవర్ ఉంది కాబట్టి 12లో 0.06 కూడా పోదని లెక్కేసుకున్నా, కరెక్టేనా సార్?

రేణిగుంట_రిపేర్లు

కరెక్టే. TC4427 ఇన్‌పుట్‌కి కూడా ఒక 10 కిలోఓమ్ పుల్‌డౌన్ పెట్టండి. ఆర్డ్వినో రీసెట్ అయ్యేటప్పుడు పిన్ను తేలుతుంది, డ్రైవర్ దాన్ని ఎటైనా అనుకోవచ్చు.

అలిపిరి_లైటింగ్

ఇంత చదివాక నా అనుమానం ఒకటి. ఈఎస్‌పీ32కి మారుదామనుకుంటున్నా, అది 3.3 వోల్టులే ఇస్తుంది. IRLZ44Nకి థ్రెషోల్డ్ 2 కదా, 490 హెర్ట్జే కదా, నడిచిపోతుందా?

మదనపల్లె_మౌళి

థ్రెషోల్డ్ చూడొద్దన్నా! ఆన్ రెసిస్టెన్స్ ఏ వోల్టేజి దగ్గర రాసిచ్చారో చూడండి. IRLZ44Nకి 4 వోల్టుల దాకానే ఇచ్చారు, 35 మిల్లీఓమ్. 3.3కి వరసే లేదు.

అలిపిరి_లైటింగ్

బల్ల మీద పెట్టి చూస్తే వెలుగుతోంది మరి.

మదనపల్లె_మౌళి

7 యాంపియర్లు పోనిచ్చి డ్రెయిన్-సోర్స్ వోల్టేజి కొలిచి రాయండి. ఒక పీసు కాదు, అయిదు పీసులు మార్చి చూడండి.